ముద్ద ఎక్కడ ఆగుతోంది: బేరియం స్వాలో, వీడియోఫ్లూరోస్కోపీ, ఎండోస్కోపీలలో ఎవరికి ఏది ముందు

మింగడం కష్టంగా ఉందని డాక్టరు దగ్గరికి వెళితే సాధారణంగా ఎండోస్కోపీకో, బేరియం స్వాలోకో చీటీ రాసిస్తారు. గొంతులో గొట్టం వేయించుకోవడానికి భయపడి బేరియమే చాలని పట్టుబట్టేవారు ఉన్నారు. పాతకాలపు పరీక్ష ఇప్పుడెందుకని బేరియాన్ని తోసిపుచ్చేవారూ ఉన్నారు. ఇద్దరి నిర్ణయమూ సరైన కారణం మీద నిలబడలేదు. ఎండోస్కోపీ అన్నవాహిక లోపలి పొరను దగ్గరగా చూపిస్తుంది, అనుమానం వస్తే అక్కడి నుంచే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిస్తుంది. బేరియం స్వాలోలో బేరియం కలిపిన ద్రవాన్ని తాగించి ఎక్స్‌రేతో చూస్తారు. మింగిన పదార్థం ఎలా కదిలింది, ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది అన్నది అది చూపిస్తుంది. ఒకటి ఖాళీ రోడ్డును తనిఖీ చేయడమైతే, రెండోది ఆ రోడ్డు మీద బండి నడిచే తీరును చూడడం. రోడ్డు బాగున్నా బండి కదలకపోవచ్చు. మింగుడు సమస్యల్లో ఇది తరచుగా జరిగేదే.

కాబట్టి ఏ పరీక్ష అన్న ప్రశ్నకు ముందు, ఇబ్బంది ఏ దశలో వస్తోందో తేల్చుకోవాలి. దానికి యంత్రమేమీ అక్కరలేదు, రోగి తన భోజనాన్ని నాలుగు రోజులు గమనించుకుంటే చాలు.

మూడు రకాల ఇబ్బందులు

మొదటి రకంలో గుటక మొదలుపెట్టడమే కష్టం. నీళ్లు తాగగానే పొలమారుతుంది, ముక్కులోంచి వస్తుంది, తిన్న తరువాత గొంతు తడితడిగా, గరగరగా మారుతుంది. ముద్దను నోట్లో తిప్పుతూనే ఉంటారు కానీ లోపలికి పోదు. పక్షవాతం వచ్చినవారిలో, పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నవారిలో, గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవారిలో ఇది ఎక్కువ. సమస్య నోటిలో, గొంతులో ఉంది. వీరికి కావలసింది వీడియోఫ్లూరోస్కోపీ, అంటే గుటక పడే తీరును ఎక్స్‌రేతో వీడియో తీసే పరీక్ష. దీన్నే మాడిఫైడ్ బేరియం స్వాలో అని కూడా అంటారు. పేరులో బేరియం స్వాలో ఉన్నా, మామూలు బేరియం స్వాలోకు దీనికీ చాలా తేడా ఉంది. చీటీలో ఒక పదం తగ్గితే వేరే పరీక్ష జరిగిపోతుంది.

రెండో రకంలో గుటక సాఫీగానే పడుతుంది. రెండు మూడు క్షణాల తరువాత రొమ్ము ఎముక వెనకాల ఎక్కడో ఆగినట్లు ఉంటుంది. మొదట చపాతీ, మాంసం, గట్టి అన్నం ముద్ద ఆగుతాయి, పెరుగన్నం దిగుతుంది. వారాలు గడిచేకొద్దీ మెత్తనివీ ఆగడం మొదలైతే లోపల దారి ఇరుకవుతోందని అర్థం. దానికి బరువు తగ్గడం, రక్తహీనత, రక్తం కక్కడం తోడైనా, వయసు యాభై దాటినా ఆలోచించవలసిన పని లేదు, ఎండోస్కోపీయే ముందు. క్యాన్సర్ కాదని తేల్చాలంటే ముక్క తీయాలి. బేరియం ఆ పని చేయలేదు. బేరియంలో బాగానే ఉందన్న మాట పట్టుకుని ఇలాంటివారు ఎండోస్కోపీని వాయిదా వేయడం ప్రమాదకరం.

మూడో రకంలో మొదటి నుంచీ గట్టివీ, ద్రవాలూ రెండూ ఆగుతాయి. ఒకరోజు బాగుంటుంది, మరోరోజు మంచినీళ్లు కూడా దిగవు. రాత్రి పడుకుంటే సాయంత్రం తిన్నది పులుపూ చేదూ లేకుండా నోట్లోకి తిరిగి వస్తుంది. దారి ఇరుకుగా లేదు, దారిని నడిపే కండరమే సరిగా పనిచేయడం లేదు. బేరియం స్వాలో తన విలువను పూర్తిగా చూపించేది ఇక్కడే. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీని గురించే చెబుతాను.

ఒక చిక్కు ఉంది. ఎక్కడ ఆగుతోందని అడిగితే రోగి వేలితో చూపించే చోటును పూర్తిగా నమ్మలేం. అన్నవాహిక అడుగున అడ్డు ఉన్నా, చాలామందికి గొంతు దగ్గరే ఆగినట్లు అనిపిస్తుంది. గొంతులోని అడ్డు కింద ఎక్కడో ఉన్నట్లు అనిపించడం మాత్రం అరుదు. అందుకే గొంతులో ఆగుతోందని చెప్పినవారికి గొంతు వరకే ఫోటోలు తీసి పంపిస్తే పరీక్ష సగమే అయినట్లు. పొట్టలోకి చేరే ద్వారం వరకూ చూసి తీరాలి.

బొమ్మ కదిలితేనే తెలిసే సంగతులు

ఫ్లూరోస్కోపీ అంటే ఎక్స్‌రేను ఆగి ఆగి వెలువరిస్తూ తెర మీద కదిలే బొమ్మగా చూడడం. మెత్తని కండరాలు ఎక్స్‌రేలో విడిగా కనిపించవు. బేరియం సల్ఫేట్ ఎక్స్‌రేను గట్టిగా అడ్డుకుంటుంది కాబట్టి అది పారిన చోటల్లా దారి ఆకారం తెరమీద తేలుతుంది. అది నీటిలో గానీ, కడుపులోని ఆమ్లంలో గానీ కరగదు, రక్తంలో కలవదు, వచ్చిన దారినే బయటికి పోతుంది. 1896లో హార్వర్డ్‌లో వైద్య విద్యార్థిగా ఉన్న వాల్టర్ కానన్ జంతువుల గుటకను ఎక్స్‌రే తెర మీద గమనించడం మొదలుపెట్టినప్పటి నుంచి సూత్రం ఇదే.

గొంతు దశ మొత్తం ఒక సెకను లోపే ముగిసిపోతుంది. ఆ సెకనులో మెత్తని అంగిలి పైకి లేచి ముక్కు దారిని మూస్తుంది, స్వరపేటిక ముందుకూ పైకీ జరుగుతుంది, గాలిగొట్టం మీద మూత పడుతుంది, అన్నవాహిక పై ద్వారం తెరుచుకుంటుంది. ఒక్క ఫోటోలో ఇదంతా పట్టుకోవడం అసాధ్యం. అందుకే వీడియోఫ్లూరోస్కోపీలో సెకనుకు 25 నుంచి 30 ఫ్రేములు రికార్డు చేసి, తరువాత ఒక్కో ఫ్రేమూ ఆపి చూస్తారు. బేరియం స్వరతంత్రులకు పైననే ఆగి వెనక్కి వచ్చిందా, వాటిని దాటి కిందికి జారిందా అన్నది ఆ ఫ్రేముల్లోనే తేలుతుంది. దాటినా కొందరికి దగ్గు రాదు. ఇంట్లోవారు ఎప్పుడూ పొలమారలేదు, బాగానే తింటున్నారని చెబుతూ ఉంటారు, మరోపక్క ఊపిరితిత్తుల్లో నిమ్ము మళ్లీ మళ్లీ వస్తుంటుంది. అలాంటివారిలో కారణాన్ని బయటపెట్టేది ఈ బొమ్మే.

అన్నవాహిక దశ దీనికి భిన్నం. అది దాదాపు 25 సెంటీమీటర్ల కండరపు గొట్టం. గుటక పడగానే పైనుంచి కిందికి ఒక బిగింపు అల బయలుదేరి, ఎనిమిది పది సెకన్లలో అడుగుకు చేరి, దాని ముందున్న పదార్థాన్ని పొట్టలోకి తోస్తుంది. నిలబడి తాగితే ద్రవం బరువుకే కిందికి జారిపోతుంది, అల పనిచేసిందో లేదో తెలియదు. అందుకే పరీక్షలో కొంత భాగం బల్ల మీద బోర్లా, కాస్త పక్కకు తిప్పి పడుకోబెట్టి, స్ట్రాతో ఒక్కో గుక్క తాగిస్తారు. ఒక గుక్క మింగాక తిరిగి గుటక వేయవద్దని గట్టిగా చెబుతారు. దానికి కారణం ఉంది. రెండో గుటక పడగానే మొదటి అల మధ్యలోనే ఆగిపోతుంది. ఆరోగ్యవంతుల్లోనూ ఇంతే. కంగారులో రోగి రెండుసార్లు మింగితే మంచి అన్నవాహిక కూడా చెడిపోయినట్లు కనిపిస్తుంది. అందుకే ఇలా విడివిడిగా ఐదు గుక్కలు గమనిస్తారు. ఒక్కదానిలో అల తెగితే పట్టించుకోరు, రెండో అంతకన్నా ఎక్కువో తెగితే కదలికలో లోపం ఉందని రాస్తారు.

గదిలో రోగి చేయగలిగిన సహాయం ఇదొక్కటే, కానీ పెద్దది. బేరియాన్ని నోట్లో ఉంచుకుని, మింగమన్నప్పుడు ఒక్కసారిగా మింగి, మళ్లీ చెప్పేదాకా గుటక ఆపుకోవాలి.

తాగించేది ఒకటే కాదు

అందరికీ ఒకే గ్లాసు ఇస్తారనుకుంటారు కానీ, ఏం కనిపెట్టాలన్న దాన్నిబట్టి పానీయం మారుతుంది. లోపలి పొర మీద పుండ్లు, చిన్న గడ్డలు చూడాలంటే రెండు పూతల పద్ధతి. ముందు కొద్ది నీళ్లతో గ్యాస్ పుట్టించే గుళికలు మింగిస్తారు. కడుపు ఉబ్బి తేన్పు తన్నుకొస్తుంది, దాన్ని బిగపట్టాలి. వెంటనే చిక్కటి బేరియాన్ని గబగబా తాగిస్తారు. గ్యాస్ గొట్టాన్ని విప్పారుస్తుంది, బేరియం గోడకు పలచగా అంటుకుంటుంది, పొర మీది గీతలు కూడా తేలతాయి. తేన్పు వదిలేస్తే గొట్టం ముడుచుకుపోయి బొమ్మ చెడుతుంది.

కదలికను, ఇరుకును, పొట్ట పైభాగం ఛాతీలోకి జరగడాన్ని చూడాలంటే పలచని బేరియం చాలు. రుచి సుద్దనీళ్లలా ఉంటుంది, వాసన కోసం స్ట్రాబెర్రీ లాంటి ఎసెన్సు కలుపుతారు. చల్లగా ఉంటే తాగడం తేలిక.

ద్రవం దిగిపోతూ గట్టివి మాత్రం ఆగేవారికి ద్రవంతోనే పరీక్ష ముగించడం సరికాదు. అన్నవాహిక అడుగున ఉంగరంలా ఏర్పడే సన్నని ఇరుకు ద్రవంలో తప్పించుకుంటుంది. దాని లోపలి వ్యాసం 13 మిల్లీమీటర్లకు తగ్గితే గట్టి ముద్ద ఆగడం ఖాయం. అందుకే దాదాపు ఆ కొలతలోనే తయారైన బేరియం మాత్రను నీళ్లతో మింగిస్తారు. అది ఎక్కడ ఆగితే అక్కడే ఇరుకు. ఆగినప్పుడు రోగికి ఇంట్లో వచ్చే ఇబ్బందే వచ్చిందా అని కూడా అడుగుతారు, ఆ జవాబుకు బొమ్మంత విలువ ఉంది. మాత్ర కరిగిపోయేదే కాబట్టి భయం లేదు. అది దొరకని చోట బేరియంలో తడిపిన బ్రెడ్డు ముక్క వాడతారు. చీటీలో గట్టి పదార్థంతో కూడా చూడాలని డాక్టరు చేత రాయించుకోవడం మంచిది. రాయకపోతే చాలా కేంద్రాల్లో ద్రవంతోనే ముగించేస్తారు.

వీడియోఫ్లూరోస్కోపీలో గ్లాసు ఉండదు. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, పక్కనుంచి చూస్తూ, చెంచాతో 3 లేదా 5 మిల్లీలీటర్లతో మొదలుపెడతారు. పలచనిది, కాస్త చిక్కనిది, జావలాంటిది, తరువాత బేరియం పూసిన బిస్కట్టు. ఏ చిక్కదనం దగ్గర గాలిగొట్టంలోకి జారుతోందో చూస్తారు. అక్కడితో ఆగరు. గడ్డం ఛాతీకి ఆనించి మింగమంటారు, పక్షవాతం వచ్చిన వైపుకు మెడ తిప్పి మింగమంటారు, జారడం ఆగిందా అని మళ్లీ తెర చూస్తారు. రేడియాలజిస్టుతో పాటు మింగుడు చికిత్స తెలిసిన స్పీచ్ థెరపిస్టు గదిలో ఉండవలసింది ఇందుకే. జారుతోందని మాత్రమే రాసి, ఏ భంగిమలో, ఏ చిక్కదనంలో జారలేదో రాయని రిపోర్టు ఇంటికి వెళ్లి వండిపెట్టేవారికి ఏమీ చెప్పదు.

రోగి మంచం దిగలేని స్థితిలో ఉంటే, ముక్కులోంచి సన్నని కెమెరా వేసి మింగుడును చూసే పరీక్ష మరో దారి. దాన్ని మంచం దగ్గరే చేయవచ్చు, రేడియేషన్ ఉండదు, ఇంటి భోజనాన్నే పెట్టి చూడవచ్చు. అయితే సరిగ్గా గుటక పడే క్షణంలో కెమెరా ముందు అంతా మూసుకుపోయి తెల్లగా అవుతుంది. అన్నవాహిక కూడా అందులో కనిపించదు. వీడియోఫ్లూరోస్కోపీకి తీసుకెళ్లగలిగినవారికి అదే ముందు అంటాను, కదల్చలేనివారికి కెమెరాయే సరైనది.

బేరియం తాగించకూడని వేళలు

చేపముల్లో, మాంసం ముక్కో ఇరుక్కుని ఉమ్మి కూడా దిగని స్థితిలో బేరియం ఇవ్వకూడదు. అడ్డుకు పైన నిండిన బేరియం ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ తరువాత ఎండోస్కోపీ చేసేవారికి లోపల ఏమీ కనిపించదు. అక్కడ నేరుగా అత్యవసర ఎండోస్కోపీయే.

అన్నవాహికకు చిల్లు పడిందన్న అనుమానం ఉన్నప్పుడూ బేరియంతో మొదలుపెట్టరు. ఛాతీలోకి కారిన బేరియం కరగదు, అక్కడే ఉండి వాపు తెస్తుంది. ముందు నీటిలో కరిగే అయోడిన్ మందు ఇస్తారు, ఈ రోజుల్లో చాలాచోట్ల దాన్ని తాగించి సీటీ తీస్తారు. ఆ మందుతో చిన్న చిల్లులు కొన్ని కనిపించకుండా పోతాయి. కాబట్టి అందులో ఏమీ లేకపోయినా అనుమానం గట్టిగా ఉంటే, అప్పుడు పలచని బేరియంతో మరోసారి చూస్తారు.

నీటిలో కరిగేదంటే అన్నివిధాలా మేలైనదని పొరబడకూడదు. గ్యాస్ట్రోగ్రాఫిన్ లాంటి గాఢమైన అయోడిన్ మందు పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే చుట్టుపక్కల నీటిని లాగేసి ఊపిరి ఆడనివ్వదు. ఆ ప్రమాదం ఉన్నవారికి కొద్దిపాటి బేరియమే దానికన్నా నయం. లేదంటే అయోహెక్సాల్ లాంటి గాఢత తక్కువ మందు వాడతారు. అందుకే నీళ్లకు పొలమారుతుందన్న సంగతి బల్ల ఎక్కకముందే చెప్పాలి. అయోడిన్ మందుతో ఎప్పుడైనా దద్దుర్లు వచ్చాయా అన్నది కూడా చెప్పాలి.

దీనికి ఎదురు సందర్భం కూడా ఉంది. బాత్రూమ్ యాసిడ్ తాగి బతికినవారిలో నెలల తరువాత అన్నవాహిక పొడవునా వంకర టింకర ఇరుకులు ఏర్పడతాయి. గొంతు క్యాన్సర్ ఆపరేషనో, రేడియేషనో అయినవారిలోనూ, గొంతు వెనక సంచి ఏర్పడినట్లు అనుమానం ఉన్నవారిలోనూ దారి ఎటు తిరుగుతుందో తెలియకుండా ఎండోస్కోపు దింపితే గోడకు చిల్లు పడే ప్రమాదం ఉంది. వీరికి బేరియం ముందు, ఎండోస్కోపీ తరువాత. ఇరుకు ఎంత పొడవు, ఎన్నిచోట్ల అన్నది తెలిస్తే వెడల్పు చేసే డాక్టరుకు పటం చేతిలో ఉన్నట్లే.

ఒక కేసును చివరిదాకా చూద్దాం

నలభై రెండేళ్ల మనిషి అనుకుందాం. ఏడాదిగా అన్నమూ ఆగుతోంది, మజ్జిగా ఆగుతోంది. ముద్దకో గుక్క నీళ్లు తాగి, లేచి నిలబడి, ఛాతీ చాచి లోపలికి దింపుకుంటాడు. రాత్రి తలగడ మీద జిగురు మరకలు, దగ్గు. ఆరు కిలోలు తగ్గాడు. ఛాతీలో మంట అని చెప్పడంతో ఆమ్లం తగ్గించే మాత్రలు నెలల తరబడి వాడారు. తగ్గలేదు. ఎండోస్కోపీ చేస్తే పుండు లేదు, గడ్డ లేదు. పొట్ట ద్వారం దగ్గర గొట్టాన్ని కాస్త నెట్టవలసి వచ్చిందని ఒక మూల రాసి, ముగింపులో మామూలుగా ఉందన్నారు. ఇంట్లోవారు మనసుకు సంబంధించినదేమో అనుకున్నారు.

గట్టివీ ద్రవాలూ కలిసి ఆగడం, పులుపు లేకుండా తిన్నది తిరిగి రావడం, గొట్టాన్ని నెట్టవలసి రావడం. ఈ మూడూ కలిస్తే అకలేషియా అనుమానం రావాలి. అన్నవాహిక అడుగు ద్వారం గుటక పడినప్పుడు వదులు కాకపోవడం ఆ వ్యాధి. అతనికి కావలసింది మామూలు బేరియం స్వాలో కాదు, సమయం చూస్తూ చేసే బేరియం పరీక్ష. నిలబెట్టి, పలచని బేరియం 200 మిల్లీలీటర్ల వరకూ, పొలమారకుండా తాగగలిగినంత, నిమిషం లోపల తాగిస్తారు. తరువాత 1, 2, 5 నిమిషాలకు ఒక్కో ఫోటో తీస్తారు. అడుగు ద్వారం నుంచి బేరియం ఎంత ఎత్తున నిలిచి ఉందో సెంటీమీటర్లలో కొలుస్తారు. ఆరోగ్యవంతుల్లో అయితే చాలామందికి మొదటి నిమిషానికే ఖాళీ అవుతుంది.

ఇతనికి మొదటి నిమిషంలో 16 సెంటీమీటర్లు, ఐదో నిమిషంలో 13 అనుకుందాం. 5 నిమిషాల తరువాత 5 సెంటీమీటర్లకు మించి నిలిస్తే దారి తెరుచుకోవడం లేదనే తీసుకుంటారు. బొమ్మలో పైభాగం వెడల్పుగా ఉండి, అడుగున నున్నగా సన్నబడి పక్షి ముక్కులా కనిపిస్తుంది. ఆ మొన నున్నగా ఉండడం ముఖ్యం. ఎగుడుదిగుడుగా, ఒక పక్కకు ఒరిగి, పొడవుగా ఉంటే క్యాన్సర్ అకలేషియా వేషం వేసుకుందేమో చూడాలి. వయసు మళ్లినవారిలో, కొద్ది నెలల్లోనే మొదలై బరువు వేగంగా తగ్గినవారిలో ఈ అనుమానం మరీ ఎక్కువ. వారికి సీటీ, ఎండోస్కోపీ మళ్లీ తప్పవు.

ఇక్కడితో నిర్ధారణ అయిపోలేదు. మానోమెట్రీ అనే పరీక్షలో ముక్కులోంచి సన్నని తీగ దించి లోపలి ఒత్తిడిని కొలుస్తారు. అకలేషియా ఉందా, ఏ రకం అన్నది తేల్చేది అదే. వ్యాధి తొలిదశలో బేరియం బొమ్మ మామూలుగా కనిపించవచ్చు కాబట్టి బేరియంలో లేదంటే అకలేషియా లేదని కాదు. మరి మానోమెట్రీ ఉండగా బేరియం ఎందుకంటే, చికిత్స తరువాత కోసం. బెలూనుతో ద్వారాన్ని సాగదీసినా, ల్యాపరోస్కోపీతో కండరం కోసినా, ఎండోస్కోపు ద్వారానే లోపలి నుంచి కండరం కోసే పోయెం పద్ధతి చేసినా, ఫలితాన్ని నిలిచిన బేరియం ఎత్తుతోనే కొలుస్తారు. పోయెం చికిత్సను 2008లో జపాన్‌లో హరుహిరో ఇనౌయే మొదట మనుషులకు చేశారు, ఇప్పుడది హైదరాబాద్‌లోనూ అందుతోంది. మన రోగికి చికిత్స తరువాత ఐదో నిమిషంలో 2 సెంటీమీటర్లే నిలిస్తే పని జరిగింది. తనకు హాయిగా ఉందని అతను చెబుతున్నా 10 సెంటీమీటర్లు నిలిచి ఉంటే, సుఖం ఎక్కువకాలం నిలవదేమోనని డాక్టర్లు కన్నేసి ఉంచుతారు. ఈ పోలిక కుదరాలంటే మొదటిసారి ఎన్ని మిల్లీలీటర్లు తాగాడో రెండోసారీ అంతే తాగాలి. ఆ అంకె రిపోర్టులో ఉందో లేదో ఇంటికి వచ్చేముందే చూసుకోవాలి.

ఏ పరీక్షకు ఎలా వెళ్లాలి

మామూలు బేరియం స్వాలోకు 4 నుంచి 6 గంటలు ఏమీ తినకూడదు. ఉదయం సమయం తీసుకుని పరగడుపున వెళ్లడం తేలిక. చూయింగ్ గమ్, సిగరెట్, పాన్ కూడా మానాలి. వాటితో ఊరిన ఉమ్మి బేరియాన్ని గోడకు అంటనివ్వదు. అకలేషియా అనుమానం ఉన్నవారికి ఈ గంటలు చాలవు, నిన్న తిన్న అన్నం ఈరోజుకీ గొట్టంలోనే ఉండవచ్చు. ముందురోజంతా ద్రవాలే తీసుకోమని చెబుతారు. చెప్పకపోతే అడగాలి. మిగిలిన అన్నం మెతుకులు తెర మీద గడ్డలా కనిపించి లేనిపోని భయం పెడతాయి.

మధుమేహం ఉన్నవారు రోజులో మొదటి నంబరు అడగాలి. తినకుండా ఇన్సులిన్ గానీ, చక్కెర తగ్గించే మాత్రలు గానీ తీసుకుంటే చక్కెర పడిపోతుంది. ఆ ఉదయం మోతాదు ఏం చేయాలో తమ డాక్టరును ముందురోజే కనుక్కోవాలి. బీపీ మాత్రను గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చా అన్నదీ అప్పుడే అడగాలి.

మెడలో గొలుసులు, మంగళసూత్రం, తాయెత్తులు, చెవి కమ్మలు, లోహపు హుక్కులున్న దుస్తులు బొమ్మకు అడ్డం వస్తాయి. తీయడం ఇష్టం లేనివారు పరీక్ష గదిలోకి వెళ్లాక వాదించే బదులు ముందే సిబ్బందితో మాట్లాడుకోవాలి. గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా తప్పక చెప్పాలి.

వీడియోఫ్లూరోస్కోపీకి సాధారణంగా పస్తు అక్కరలేదు. ఇక్కడ తయారీ వేరు. కట్టుడు పళ్లు పెట్టుకుని రావాలి, వినికిడి యంత్రం, కళ్లజోడు తెచ్చుకోవాలి. రోగి బాగా అలసిపోయే సాయంత్రం కాకుండా చురుకుగా ఉండే వేళ తీసుకెళ్లాలి. ఇంట్లో దేనికి పొలమారుతుందో అది చిన్న డబ్బాలో తీసుకెళితే చాలాచోట్ల బేరియం కలిపి పరీక్షిస్తారు. ఇడ్లీ సాంబారులో ముంచినది, చారన్నం, మాత్ర, ఏదైనా సరే. చారన్నం లాంటిది ముఖ్యంగా చూడదగ్గది. అందులో పలచనిదీ గట్టిదీ ఒకేసారి నోట్లోకి వస్తాయి. మెతుకులు నములుతుండగానే చారు గొంతులోకి జారిపోతుంది. విడివిడిగా రెండూ మింగగలిగినవారికి కూడా ఆ కలయికలో పొలమారుతుంది.

ఎండోస్కోపీకి 6 నుంచి 8 గంటల పస్తు, మత్తు తీసుకుంటే తోడుగా ఒక మనిషి, ఆ రోజు బండి నడపకపోవడం. రక్తం పలచబరిచే మందులు వాడేవారు వాటిని సొంతంగా ఆపకూడదు, రాసిచ్చిన డాక్టరు చెబితేనే ఆపాలి.

రెండు మూడు పరీక్షలు ఒకే వారంలో రాస్తే వరుస చూసుకోవాలి. బేరియం తాగిన తరువాత పేగుల్లో రోజుల తరబడి మిగిలి, పొట్ట సీటీలో తెల్లని చారలు పరిచి బొమ్మను పాడు చేస్తుంది. సీటీ రాసి ఉంటే అది ముందు. ఎండోస్కోపీ కూడా బేరియం తాగిన రోజునే పెట్టుకుంటే గోడ నిండా తెల్లని పూత ఉంటుంది. చీటీలన్నీ ఒకేసారి కౌంటర్‌లో చూపించి వరుస అడిగితే సరిపోతుంది.

రేడియేషన్ గురించి అడిగేవారికి: మామూలు బేరియం స్వాలోలో అందేది సుమారు ఒకటిన్నర మిల్లీసీవర్ట్, వీడియోఫ్లూరోస్కోపీలో అంతకన్నా తక్కువ. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 అందుతుంది. అవసరమైన పరీక్షను మానుకునేంత మొత్తం కాదు. ఊరికే ఏటా చేయించుకోవలసిన పరీక్షా కాదు. ముఖ్యంగా గుండెల్లో మంట ఒక్కటే ఉన్నవారికి బేరియం స్వాలో రాస్తే ఎందుకని అడగవచ్చు. పరీక్ష సమయంలో ఆమ్లం పైకి తన్నినట్లు కనిపించినా, కనిపించకపోయినా, ఆ రోగం ఉందో లేదో దానితో తేలదు.

పరీక్ష అయ్యాక ఒకటి నుంచి మూడు రోజులు విరేచనం తెల్లగా వస్తుంది. బేరియం పేగుల్లో నీరు ఇంకిపోయి గట్టిపడే స్వభావం కలది కాబట్టి ఆ రోజుల్లో నీళ్లు బాగా తాగాలి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లకు కొలత ఉన్నవారు ఎంతవరకు తాగవచ్చో అడగాలి. మలబద్ధకం అలవాటున్న పెద్దవారికి విరేచనం సాఫీ చేసే మందు ముందే రాయించుకోవడం మంచిది. రెండు మూడు రోజులు విరేచనం కాకపోయినా, కడుపు ఉబ్బి నొప్పి వచ్చినా, పరీక్ష తరువాత జ్వరం, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

రిపోర్టు తీసుకునేటప్పుడు కాగితం, రెండు ఫిల్ములతో సరిపెట్టుకోవద్దు. కదిలే బొమ్మను సీడీలోనో, పెన్‌డ్రైవ్‌లోనో అడిగి తీసుకోవాలి. అది లేకపోతే రెండో డాక్టరు చూడగలిగేది ఎవరో ఆపి ఉంచిన రెండు క్షణాలు మాత్రమే, గుటక ఎలా పడిందో ఆయనకు తెలియదు. మరోచోట మళ్లీ తాగవలసి వస్తుంది.